ఈ సైట్‌లో మా పూచీ ఎంతవరకు

ఈ సైట్ భూముల రిజిస్ట్రేషన్ గురించి. ఇదివరకు ఈ పేజీ "ఇందు పొందుపరచిన సమాచారము యథాతథ ప్రాతిపదికన, ఎట్టి వ్యక్త లేదా అవ్యక్త హామీ లేకుండా అందించబడుచున్నది" అని మొదలయ్యేది. అది చదివి ఒక పెద్దాయన ఫోన్ చేసి, "ఇంతకీ మీరు రాసింది నిజమా, కాదా బాబూ?" అని అడిగారు. సబబైన ప్రశ్నే. అందుకే అదే సంగతి ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో మళ్లీ రాశాం. మాటలే మారాయి, షరతులు పాతవే. సైట్ వాడుతున్నారంటే వీటికి ఒప్పుకున్నట్టే లెక్క.

మేం ఎవరం

తెనాలిలో ముప్పై ఏళ్లు దస్తావేజులు రాసిన తండ్రి, కంప్యూటర్ పని తెలిసిన కొడుకు. ఇద్దరం లాయర్లం కాదు. ఇది ప్రభుత్వ సైట్ కాదు, ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసుతోనూ మాకు సంబంధం లేదు. మీ ప్రశ్నకి జవాబిచ్చినంత మాత్రాన మీ కేసు మేం పట్టుకున్నట్టు కాదు, అది న్యాయ సలహా కిందికీ రాదు.

రాసింది నిజమేనా

తెలిసినంతలో సరిచూసుకునే రాస్తాం. అయినా తప్పు దొర్లదని, పాతబడిపోదని, మీ భూమికి సరిగ్గా వర్తిస్తుందని హామీ ఇవ్వలేం. తెలంగాణలో భూమి రికార్డుల పోర్టల్ ధరణి మీద రాసిన పేజీలే చూడండి. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలో భూభారతి వచ్చాక వాటిలో చాలా భాగం తిరగరాయాల్సి వచ్చింది. ఆ మధ్యలో చదివినవాళ్లకి పాత దారే కనిపించి ఉంటుంది. ప్రతి పేజీ కింద చివరిసారి సరిచూసిన తేదీ ఉంటుంది, ముందు అది చూడండి.

స్టాంపు డ్యూటీ లెక్క కట్టే పెట్టె చూపించేది అంచనా మాత్రమే. మార్కెట్ విలువలు సవరించిన రోజున మా లెక్కా, ఆఫీసు లెక్కా కలవకపోవచ్చు. చలానా కట్టే ముందు registration.ap.gov.in లో గాని, registration.telangana.gov.in లో గాని చూసుకోండి. తేడా వస్తే వాళ్లదే ఖాయం.

ఈసీ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి

ఈసీ అంటే ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపించే పత్రం. మాకు వచ్చే ప్రశ్నల్లో సగం దీని మీదే. ఆన్‌లైన్‌లో ఈసీ తీస్తే ఖాళీగా వచ్చింది, సాయంత్రానికల్లా బయానా ఇచ్చేశారు అనుకుందాం. ఆన్‌లైన్ రికార్డు 1983 నుంచే. అంతకుముందు తాతగారు చేసిన తనఖా అందులో కనపడదు, దానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. రిజిస్టర్ కాని అగ్రిమెంటూ కనపడదు. అన్నదమ్ముల మధ్య కోర్టులో నడుస్తున్న పంపకాల దావా కూడా అందులో ఉండకపోవచ్చు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా, అంటే 22ఏ నిషేధిత జాబితా, విడిగా చూసుకోవాల్సిందే. ఈసీ ఎలా తీయాలో ఈ సైట్ చూపిస్తుంది. ఆ భూమికి చిక్కులు లేవని మాత్రం ఎక్కడా చెప్పదు. ఆ భూమి ఇదివరకు చేతులు మారినప్పటి లింకు డాక్యుమెంట్లన్నీ లాయరుకి చూపించాకే డబ్బు ఇవ్వండి.

నష్టం వస్తే

మా రాతల్ని, లెక్కల్ని, నమూనా దస్తావేజుల్ని నమ్మి మీరు కొన్నా, అమ్మినా, బయానా ఇచ్చినా, గడువు దాటబెట్టుకున్నా, సైట్ పనిచేయక పని ఆగిపోయినా, అందువల్ల వచ్చే నష్టానికి చట్టం ఒప్పుకున్నంత మేరకు మా బాధ్యత లేదు. నేరుగా పోయిన డబ్బే కాదు, దాని వెంట వచ్చే బ్యాంకు వడ్డీ, చెడిపోయిన బేరం, రాకుండా పోయిన లాభం కూడా ఇందులోకే వస్తాయి. అయితే మేం కావాలని మోసం చేస్తే ఈ పేజీ మమ్మల్ని కాపాడదు. చట్టం తప్పించుకోనివ్వని బాధ్యత ఏదున్నా అది మా మీదే ఉంటుంది.

బయటివాళ్ల సంగతి

ఇక్కడ నొక్కితే వేరే సైట్లకి వెళ్తారు, ప్రకటనలూ కనిపిస్తాయి. వాటిని మేం నడపం. ప్లాటు ప్రకటన మా పేజీలో కనిపించినంత మాత్రాన ఆ ప్లాటు మంచిదని మేం చెప్పినట్టు కాదు. పాఠకుల వ్యాఖ్యలు వాళ్ల సొంత మాటలే. ఎవరి పరువుకైనా భంగం కలిగించేవి మా దృష్టికి వస్తే తీసేస్తాం.

మిగిలినవి

ఈ షరతులు అవసరాన్ని బట్టి మారుస్తాం. మార్చిన రోజునుంచి కొత్తవే అమలు. వీటిలో ఒకటి చెల్లదని కోర్టు అన్నా మిగతావి చెల్లుతాయి. ఇంగ్లిష్ ప్రతికీ దీనికీ తేడా వస్తే ఈ తెలుగు ప్రతే ప్రమాణం. భారతదేశ చట్టాలే వర్తిస్తాయి. తగాదా వస్తే తెనాలి కోర్టుల్లోనే తేల్చుకోవాలి. వినియోగదారుగా చట్టం మీకు ఇచ్చిన హక్కులకి మాత్రం దీనివల్ల లోటు రాదు.

తప్పు కనిపిస్తే ఆ పేజీ కిందే ఉన్న "తప్పు చెప్పండి" నొక్కి రాయండి. దస్తావేజు ఫోటో, ఆధార్ నంబరు పంపకండి.

చివరిసారి మార్చింది: 2 జూన్ 2025