ఫీజు సహాయం కోరుతూ ప్రిన్సిపాల్ గారికి లేఖ

రాయగడ,
17 నవంబర్ 2025.

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,
డిగ్రీ కళాశాల, పార్వతీపురం.

విషయం: మా నాన్నగారి ఉపాధి పోయినందున ఈ ఏడాది ఫీజులో రాయితీ, మిగిలిన దానికి వాయిదాలు కోరుతూ.

అయ్యా,

నేను బీఎస్సీ ఆనర్స్ కెమిస్ట్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. మాది ఒడిశాలోని రాయగడ. రోజూ రైలులో కళాశాలకు వస్తాను. నాలుగు సెమిస్టర్లలోనూ సబ్జెక్టులేవీ మిగల్చకుండా ఉత్తీర్ణురాలినయ్యాను. సీజీపీఏ 8.4.

మా నాన్నగారు ఒక ఉప్పుడు బియ్యం మిల్లులో పదహారేళ్లుగా బాయిలర్ చూసుకునేవారు. నెలకు 18,000 వచ్చేది. ఆగస్టులో మిల్లు ఆగిపోయింది. కార్తీకంలో కొత్త ధాన్యం రాగానే మళ్లీ తిరుగుతుందని యజమాని చెప్పడంతో ఆ మాట మీదే ఇన్నాళ్లూ ఆగాం, అందుకే మీకు ముందుగా రాయలేదు. ఈ నెల మొదట్లో నాన్నగారు వెళ్లేసరికి బాయిలర్‌ను విప్పి లారీకి ఎక్కిస్తున్నారట. ఇంటికి వచ్చి, ఊక ధూళి పట్టిన పని చొక్కాను అమ్మకు ఇచ్చి, ఇక దీన్ని ఉతికి దాచేయమన్నారు. ఇప్పుడు కూలికి వెళుతున్నారు. దొరికిన రోజు 400, దొరకని రోజులే ఎక్కువ. అమ్మ జాకెట్లు కుడుతుంది. తమ్ముడు ప్రభుత్వ పాఠశాలలో తొమ్మిదో తరగతి.

నాన్నగారు కాంట్రాక్టరు కింద పనిచేశారు కాబట్టి పనిలోకి తీసుకున్నట్టు గానీ, తీసేసినట్టు గానీ కాగితం లేదు. మా దగ్గరున్న ఆధారం బ్యాంకు పాస్‌బుక్ ఒక్కటే. జూలై వరకు ప్రతి నెలా జీతం పడిన వరుసలు కనిపిస్తాయి, ఆ తర్వాత లేవు. ఆ పేజీల నకలు జతచేశాను.

ప్రభుత్వ ఉపకారవేతనం ఉండగా కళాశాలను ఎందుకు అడుగుతున్నానన్న సందేహం మీకు రావచ్చు. ఆంధ్రప్రదేశ్ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆ రాష్ట్ర స్థానికులకే వర్తిస్తుంది, నేను ఒడిశా నివాసిని. మా రాష్ట్రంలో దరఖాస్తు చేద్దామంటే కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు మించకూడదు. తహసీల్దారు ఇచ్చిన ధ్రువపత్రంలో మా ఆదాయం 2,64,000 అని ఉంది. అది నిరుటి లెక్క, అప్పటికి నిజమే. ఆ ఆదాయంలో 2,16,000 నాన్నగారి జీతమే, ఇప్పుడు అది లేదు. కాగితం మీద మాత్రం మేము ఇంకా జీతం వచ్చే కుటుంబమే. వచ్చే ఏడాది కొత్త ధ్రువపత్రంలో ఆదాయం తగ్గి కనిపిస్తుంది, అప్పుడు తప్పకుండా దరఖాస్తు చేస్తాను. కాబట్టి నాకు సాయం కావలసింది ఈ ఒక్క విద్యాసంవత్సరానికే. దయచేసి ధ్రువపత్రాన్ని పాస్‌బుక్ పక్కన పెట్టి చూడండి.

ఈ ఏడాది ఫీజు 22,000. జూలైలో 6,000 కట్టాను. మిగిలిన 16,000లో 10,000 పేద విద్యార్థుల సహాయ నిధి నుంచి మాఫీ చేయాలని, 6,000ను డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో రెండేసి వేల చొప్పున కట్టనివ్వాలని కోరుతున్నాను. సాయంత్రం మా వీధి పిల్లలకు లెక్కలు, సైన్సు చెబుతున్నాను, నెలకు 1,200 వస్తుంది. దానికి అమ్మ కుట్టుపని డబ్బు కొంత కలిపితే వాయిదా తప్పదు. మొత్తం మాఫీ చేయమని అడగకపోవడానికి కారణం ఇదే. నాకంటే కష్టంలో ఉన్నవారికీ ఆ నిధి అందాలి.

మరొక మనవి. ఫీజు బకాయి ఉన్నవారి పరీక్ష దరఖాస్తు తీసుకోబోమని నోటీసు బోర్డులో ఉంది, గడువు ఈ నెల 25. నా విన్నపంపై నిర్ణయానికి సమయం పట్టేటట్టయితే, ఈలోగా ఐదో సెమిస్టరు దరఖాస్తును తీసుకోమని ఆఫీసుకు చెప్పండి. పరీక్ష ఫీజు సిద్ధంగా ఉంచుకున్నాను.

కళాశాలకు నా వల్ల ఏదైనా పని జరుగుతుందంటే సంతోషంగా చేస్తాను. మొదటి సంవత్సరం వాళ్ల ప్రాక్టికల్స్‌కు ద్రావణాలు కలిపి పెట్టడం, బ్యూరెట్లు, పిపెట్లు కడిగి సర్దడం నాకు బాగా అలవాటు. కెమిస్ట్రీ విభాగాధిపతి గారిని అడిగితే నా హాజరు గురించీ, పని గురించీ చెబుతారు. డిగ్రీ పూర్తిచేసి తాగునీటి పరీక్షల ప్రయోగశాలలో ఉద్యోగం చేయాలని నా కోరిక. చదువు ఈ ఏడాది ఆపితే మళ్లీ మొదలుపెట్టగలనన్న నమ్మకం నాకు లేదు, మా ఇంట్లో ఎవరికీ లేదు.

మీరు పిలిస్తే నాన్నగారిని వెంటబెట్టుకుని వచ్చి కలుస్తాను. మధ్యాహ్నం ప్రాక్టికల్స్ ఉన్న రోజుల్లోనూ ఒంటిగంటకు రాగలను.

ఇట్లు,
మీ విధేయురాలు,
కె. లావణ్య,
బీఎస్సీ ఆనర్స్ కెమిస్ట్రీ, మూడో సంవత్సరం.

జతపరచినవి: పాస్‌బుక్ పేజీల నకలు, ఆదాయ ధ్రువపత్రం, నాలుగు సెమిస్టర్ల మార్కుల జాబితాలు, జూలైలో కట్టిన ఫీజు రసీదు.