ఆర్డర్ షీట్ 214: మంగళగిరి పట్టు లంగా, జాకెట్టు (11 ఏళ్ల పాప)

మాస్టారూ, తెనాలి షాపులో గీసిన బొమ్మ ఫోటో చూసి ఎత్తి రాసిన కొలతలివి. కాగితం మడత సరిగ్గా అంకెల మీద పడింది, ఫోటోలో ఒక మూల ట్యూబ్‌లైటు మెరుపు కూడా ఉంది. అనుమానం వచ్చిన చోటల్లా పాప అమ్మమ్మగారికి ఫోన్ చేసి అడిగాను. కత్తెర వేసేటప్పుడు ఫోటో చూడొద్దు, ఈ షీటే చూడండి.

ట్రయల్ 12వ తేదీ, డెలివరీ 16. కుట్టుకూలి 1,800, అడ్వాన్సు 800 ముట్టింది, బాకీ 1,000.

గుడ్డ: ఆకుపచ్చ మంగళగిరి పట్టు, కింద నిజాం బోర్డర్, పైన సన్నంచు. లంగాకు 3 మీటర్లు, పన్నా 43 అంగుళాలు (నేనే టేపు పెట్టి కొలిచాను). జాకెట్టుకు విడిగా 1 మీటరు. కొలతలన్నీ అంగుళాల్లోనే.

జాకెట్టు
పొడవు 13½
షోల్డర్ 12½
ఛాతీ: ఒంటి కొలత 28, కుట్టాక 30
నడుము: ఒంటి కొలత 25, కుట్టాక 27½
చంక రౌండ్ 13½
చేతి పొడవు 5, బుట్ట చేతులు
చేతి లూజు 9½
ముందు మెడ లోతు 4½, వెనక 5½, రెండూ గుండ్రం
వెనక హుక్కులు, కాజాలు

బొమ్మలో ఛాతీ పక్కన ఉత్తి 28 మాత్రమే ఉంది. అది ఒంటి కొలతో కుట్టిన కొలతో రాయలేదు. అలాగే కోసేస్తే పాప చెయ్యెత్తలేదు. ఒంటి కొలతేనని అమ్మమ్మగారు చెప్పారు, అందుకే రెండూ వేరువేరుగా రాశాను. చంక రౌండ్ దగ్గర మడత పడి 13½ కాస్తా 15½ లాగా కనిపిస్తోంది. పాప పాత జాకెట్టు కొలిస్తే 13 వచ్చింది, ఒక అర పెంచితే సరిపోతుంది. 15½ పెడితే చంక కింద గుడ్డ వేలాడుతుంది.

పక్క కుట్లలో ఒక్కో వైపు 1½ లోపలికి వదలండి. ఎదిగే పిల్ల, రెండేళ్లయినా తొడుక్కోవాలి.

లైనింగు కాటన్. కోసే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, ఆరాక ఇస్త్రీ చేయండి. పట్టును మాత్రం తడపొద్దు. బొమ్మ అంచున చిన్నగా "జరీ గుచ్చుకుంటుంది" అని ఉంది, కింద రెండు గీతలు కూడా. పాప పోయిన పండక్కి మెడంతా ఎర్రబడిందని ఏడ్చిందట. కాబట్టి మెడ చుట్టూ, చేతుల దగ్గర జరీ ఒంటికి తగలకుండా లోపల మల్లు గుడ్డ పట్టీ వేయాలి. ఇది మరిచిపోవద్దు, మిగతా ఎంత బాగా కుట్టినా ఇది లేకపోతే పాప వేసుకోదు.

లంగా
పొడవు 34, బెల్టుతో కలిపి
బెల్టు వెడల్పు 1½, పొడవు 26½
నడుము 25, ఎడమ పక్కన ఓపెనింగు, 1½ ఒకదాని మీద ఒకటి

బొమ్మలో పొడవు 33 అని రాసి కొట్టేసి పైన 34 వేశారు. 34 ఖాయం. నిలువు గీతలు చూసి మొదట కలీలనుకున్నాను. కాదు, కుచ్చులే. కలీలు కోస్తే నిజాం బోర్డర్ ప్రతి అతుకు దగ్గరా విరిగి వంకరపోతుంది, ఆ గుడ్డను అలా పాడుచేయడం నాకిష్టం లేదు. గుడ్డ నిలువుగా కోయకుండా 3 మీటర్ల గేరూ అలాగే ఉంచండి. అది 118 అంగుళాలు, అతుక్కి ఒకటి పోతే 117. కుచ్చులు 26, ఒక్కోటి 4½ గుడ్డ తీసుకుని పైకి 1 కనిపించాలి. బెల్టులో మిగిలే అర అంగుళం హుక్కు వైపు కుచ్చు లేకుండా చదునుగా ఉంచండి.

పన్నా లెక్క: కనిపించే పొడవు 32½, పై కుట్టుకు ½, బోర్డర్‌కు పైన లోపలివైపు 2 అంగుళాల టక్కులు రెండు. ఒక్కో టక్కుకు గుడ్డ 4 పడుతుంది, రెంటికీ 8. మొత్తం 41. పైన మిగిలే 2 అంగుళాల సన్నంచు కోసి పారేయొద్దు, బుట్ట చేతుల పట్టీకి అదే వాడాలి, ఒక్కో చేతికి 10½ ముక్క.

టక్కులు పెద్ద కుట్టుతో, అదే రంగు దారంతో వేయండి. ఏడాదికొకటి విప్పుకుంటామని అమ్మమ్మగారు అన్నారు, చిన్న కుట్టు వేస్తే విప్పేటప్పుడు పట్టు మీద చిల్లులు పడతాయి.

లైనింగు మోకాలి కిందకి 6 దాకా చాలు. కాన్‌కాన్ వద్దన్నారు.

పాత జాకెట్టు, గుడ్డలతోపాటే సంచిలో పెట్టి పంపిస్తున్నాను. ట్రయల్ రోజున వాళ్లకి తిరిగి ఇచ్చేయాలి.