నీళ్లలో పడి డెడ్ అయిన ఫోన్, అదే బోర్డుతో మళ్లీ ఆన్! 🔧📱

వీడియోలో ముందు, తర్వాత చూపించింది ఒకే ఫోన్. అనుమానముంటే వెనక కెమెరా పక్కనున్న గీత చూడండి, రెండు చోట్లా కనిపిస్తుంది. మధ్యలో పని స్పీడ్ పెంచాం, అంతే. ఏదీ దాచలేదు.

ఇది చంద్రగిరి నుంచి వచ్చిన ఒక అక్క ఫోన్. కపిలతీర్థంలో స్నానం చేసేటప్పుడు నీళ్లలో పడింది. బియ్యం డబ్బాలో రెండు రోజులు పెట్టి, ఆరిపోయిందనుకుని ఛార్జింగ్ పెట్టారు. ఆ తర్వాత ఇంక ఆన్ కాలేదు. ఒక చోట చూపిస్తే బోర్డే మార్చాలన్నారంట. అక్క మాత్రం ఒకటే మాట: "ఫోన్ పోతే పోనీ నా, మా పాప ఫోటోలు వస్తే చాలు."

ఆ మాట విన్నాక బోర్డు మార్చే ఆలోచనే చేయలేదు. ఇప్పటి ఫోన్లలో ఫోటోలుండే మెమరీ చిప్‌కి, ప్రాసెసర్‌కి లాక్ ఉంటుంది. చిప్ పీకి ఇంకో బోర్డులో వేస్తే ఫోటోలు తెరుచుకోవు. అంటే ఆ పాత బోర్డే బతకాలి.

0:14 దగ్గర ఆపి చూడండి. పవర్ సప్లై పెట్టాం, ఇంకా పవర్ బటన్ నొక్కనే లేదు, మీటర్ 1 ఆంపియర్ దాటేసింది. మంచి బోర్డయితే అక్కడ దాదాపు సున్నా ఉండాలి. మెయిన్ లైన్ షార్ట్ అని అక్కడే తెలిసిపోయింది. షార్ట్ ఏ పార్ట్‌లో ఉందో పట్టుకోవడమే అసలు పని. బోర్డు మీద రోజిన్ పొగ పట్టిస్తే తెల్లగా పొరలా కూర్చుంటుంది. కరెంట్ ఇవ్వగానే షార్టయిన పార్ట్ వేడెక్కి, దాని మీద పొర మాత్రమే కరుగుతుంది. 0:22లో తెల్లటి పొర మధ్యలో నల్లటి చుక్క కనిపిస్తుంది చూడండి, అదే! ఆవగింజలో సగం కూడా లేని కెపాసిటర్. దాన్ని మైక్రోస్కోప్ కింద తీసేసి కొత్తది వేశాం. ఛార్జింగ్ కనెక్టర్ చుట్టూ పచ్చగా పట్టిన తుప్పుని ఐపీఏ అనే క్లీనింగ్ ఆల్కహాల్‌తో, బ్రష్‌తో శుభ్రం చేశాం. మళ్లీ సప్లై పెడితే మీటర్ సున్నా. బటన్ నొక్కాక అంకె మెల్లగా ఎక్కుతూ దిగుతూ, స్క్రీన్ మీద లోగో వచ్చింది. ❤️

ఫోటోలన్నీ ఉన్నాయి. అక్క ఎదురుగానే పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి ఇచ్చాం. మొత్తం బిల్లు 1,800 రూపాయలు.

ఇక వారంటీ. నోటి మాట కాదు, ఫోన్ ఐఎంఈఐ నంబర్‌తో సహా బిల్లు మీద రాసిస్తాం.

✅ డిస్‌ప్లే, బ్యాటరీ: 6 నెలలు. టచ్ పనిచేయకపోయినా, గీతలొచ్చినా, బ్యాటరీ ఉబ్బినా మార్చి ఇస్తాం. కిందపడి పగిలితే మాత్రం వారంటీ రాదు.
✅ ఛార్జింగ్ పోర్ట్, స్పీకర్, మైక్: 3 నెలలు.
✅ బోర్డు పని: అదే ప్రాబ్లం మళ్లీ వస్తే 3 నెలల వరకు పైసా తీసుకోం.
⚠️ నీళ్లలో పడిన ఫోన్‌కి 30 రోజులే. ఐసీల కింద చేరిన తడి కొన్ని వారాల తర్వాత కూడా తుప్పు పట్టించగలదు. దానికి ఏడాది వారంటీ అని చెప్పి మిమ్మల్ని నమ్మించడం మాకు ఇష్టం లేదు. ఒకసారి తెరిచిన ఫోన్‌కి కొత్త గమ్ వేస్తాం, కానీ కంపెనీ నుంచి వచ్చినప్పటిలా నీళ్లను ఆపుతుందని మాత్రం అనుకోవద్దు.

వేసే డిస్‌ప్లే కాంబో ఒరిజినలా, కాపీనా అన్నది ముందే రెండూ చూపించి, రేటు చెప్పి, మీరు సరేనన్నాకే పని మొదలుపెడతాం. తీసిన పాత పార్ట్ మీ చేతికే ఇస్తాం. లాక్ నంబర్ కూడా టెస్టింగ్‌కి అవసరమైతేనే అడుగుతాం, అదీ మీరు ఎదురుగా ఉన్నప్పుడే.

🙏 పుష్కరిణిలో గానీ, కపిలతీర్థంలో గానీ, వానలో గానీ ఫోన్ తడిస్తే దయచేసి వెంటనే స్విచాఫ్ చేయండి. సిమ్ ట్రే తీసి, బట్టతో తుడిచి, నేరుగా తీసుకురండి. ఛార్జింగ్ అస్సలు పెట్టొద్దు. తడి మీద కరెంట్ పారితేనే తుప్పు బోర్డుని తొందరగా తినేస్తుంది. బియ్యంలో పెట్టడం వల్ల లోపలి తుప్పు ఆగదు, ఉన్న టైమ్ పోతుంది. ఎంత తొందరగా తెస్తే బోర్డు బతికే అవకాశం అంత ఎక్కువ.

దర్శనం చేసుకుని సాయంత్రం ట్రైన్ పట్టుకోవాల్సినవాళ్లు రాగానే ఆ సంగతి చెప్పండి. డిస్‌ప్లే, బ్యాటరీ లాంటివైతే ముందు మీవే చేసిస్తాం. బోర్డు పనికి మాత్రం టైమ్ ఇవ్వండి, తొందరపెడితే పని చెడుతుంది. వెళ్లిపోయేవాళ్లకి బాగుచేసి కొరియర్ చేస్తాం, వారంటీ ఫోన్ మీ ఊరు చేరిన రోజు నుంచి లెక్క.

📍 తిరుపతి, లీలామహల్ సర్కిల్ దగ్గర
🕙 ఉదయం 10 నుంచి రాత్రి 9 వరకు. ఆదివారం మధ్యాహ్నం దాకా.
చెకింగ్ ఫ్రీ. బాగు కాకపోతే డబ్బులు తీసుకోం.

మీ ఫోన్ మోడల్, ప్రాబ్లం కామెంట్‌లో రాయండి, రేటు చెప్తాం 👇

#తిరుపతి #మొబైల్‌రిపేర్ #చిప్‌లెవెల్ #వాటర్‌డ్యామేజ్ #చంద్రగిరి #రేణిగుంట