బేరింగులు, వి-బెల్టుల కన్‌సైన్‌మెంట్ స్టాక్ కోసం ప్రతిపాదన

మిర్యాలగూడ
01-09-2025

సేల్స్ మేనేజర్ గారికి,
రాణిగంజ్, సికింద్రాబాద్.

నమస్కారం అండీ.

వానాకాలం వడ్లు రావడం మొదలైతే ఇక్కడి రైస్ మిల్లులు రాత్రింబవళ్లు నడుస్తాయి. ఎలివేటర్ బేరింగ్ పోయిందంటే మిల్లు ఆగినట్టే. మెకానిక్ పాత బేరింగును వేస్ట్ గుడ్డలో చుట్టుకుని మా కౌంటర్‌కు వస్తాడు. నంబర్ అరిగిపోయి ఉంటే వెర్నియర్ పెట్టి చూస్తాం: లోపల 30, బయట 62 మిల్లీమీటర్లు, అంటే 6206. అది మా దగ్గర లేకపోతే అతను రేపటిదాకా ఆగడు, పక్క షాపులో వేరే బ్రాండ్ కొనుక్కుంటాడు. ఆ బేరం మాకే కాదు, మీకూ పోయినట్టే. సీజన్‌కు సరిపడా సరుకు ముందే కొనిపెట్టుకోవడానికి మా పెట్టుబడి చాలదు. అందుకే ఈ ప్రతిపాదన.

6205, 6206, 6305 బేరింగులు, బి-75 బెల్టులు, ఈ నాలుగు ఐటమ్స్ వరకే మీ సరుకుగా మా షాపులో ఉంచండి. 6206కు కనీసం 15, గరిష్ఠం 50 పీసులు అనుకుంటున్నాం. మిగతా మూడింటికి మా రెండేళ్ల అమ్మకాల లెక్క జతచేశాం, హద్దులు మీరే నిర్ణయించండి. మొత్తం విలువ రూ. 3 లక్షలు దాటకూడదు.

ప్రతి శనివారం షాపు మూసే ముందు ర్యాక్ లెక్క తీసి వాట్సాప్‌లో పంపుతాం. ఏది ఎన్ని పంపాలో మీరే చూసుకుని సోమవారం పార్శిల్ వేయండి. ప్రతిసారీ మేం ఆర్డర్ పెట్టనక్కర్లేదు. ఆ వారం అమ్ముడైన వాటికే ఇన్వాయిస్ వేయండి, 7 రోజుల్లో డబ్బు పంపుతాం.

సరుకు డెలివరీ చలాన్ మీద రావాలి. అమ్మకానికి లేదా వాపసుకు పంపిన సరుకు అమ్ముడు పోకపోయినా, పంపిన 6 నెలల్లోపు ఇన్వాయిస్ వేయాలని జీఎస్టీ చట్టం 31(7) చెబుతోంది. కాబట్టి కదలని పీసులు 5 నెలలకే మీకు తిప్పి పంపుతాం. రానుపోను రవాణా ఖర్చు చెరిసగం.

అమ్మేదాకా సరుకు మీదే. కానీ మా షాపులో ఉండగా పోయినా, తడిసినా బాధ్యత మాది, ఇన్సూరెన్స్ కూడా మేమే చేయిస్తాం. సీల్ తెరిచిన బేరింగును వాపసు పంపం. బెల్టులు రబ్బరు కాబట్టి ముందు వచ్చినవి ముందే అమ్ముతాం. మీ ర్యాక్ విడిగా ఉంటుంది, మీ మనిషి ఎప్పుడొచ్చినా లెక్క చూసుకోవచ్చు. హామీగా రూ. 50,000 డిపాజిట్ ఇస్తాం.

ముందు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ట్రయల్‌గా చేద్దాం. నచ్చకపోతే 15 రోజుల నోటీసుతో ఎవరైనా మానుకోవచ్చు. మీకు సమ్మతమైతే సెప్టెంబర్ 15లోపు మీ ప్రతినిధిని పంపండి, ర్యాక్ చూపించి అగ్రిమెంట్ రాసుకుందాం.

ఇట్లు,
ప్రొప్రైటర్,
మిల్లు స్పేర్ పార్ట్స్ షాపు, మిర్యాలగూడ

జతపరిచినవి: రెండేళ్ల అమ్మకాల లెక్క, జీఎస్టీ రిజిస్ట్రేషన్ కాపీ