మన అద్దె అగ్రిమెంట్ తేదీలు: 2025 జూలై 1 నుంచి 2026 మే 31 దాకా

మారతహళ్లి, బెంగళూరు
24 జూన్ 2025

అమ్మా,

ఆదివారం పాలు పొంగించిన హడావిడిలో సంతకాలు పెట్టేశాం గానీ, తేదీలు నిదానంగా చెప్పడానికి కుదరలేదు. ఈ కాగితాన్ని అగ్రిమెంట్ కాపీతో పాటే పెట్టుకోండి. మీ ఆయనకు కూడా చూపించు.

మన పేపర్ మీద మూడు తేదీలున్నాయి. స్టాంప్ పేపర్ కొన్నది జూన్ 20న, సంతకాలు పెట్టింది జూన్ 22న. ఈ రెండూ లెక్కలోకి రావు. పదకొండు నెలలు మొదలయ్యేది 2025 జూలై 1, మంగళవారం. ఆషాఢం రాకముందే దిగాలని మీరు ముందుగా వచ్చారు కాబట్టి జూన్ 22 నుంచి 30 దాకా తొమ్మిది రోజుల అద్దె విడిగా తీసుకున్నాను. నెలకు 24,000 అంటే రోజుకు 800 చొప్పున 7,200. ఆ రసీదు మీ దగ్గరే ఉంది.

అగ్రిమెంట్ ముగిసేది 2026 మే 31, ఆదివారం. జూన్ 30 కాదు. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి ఇక్కడ అందరూ పదకొండు నెలలకే రాసుకుంటారు. కానీ జూలైలో దిగామంటే జూన్ దాకా మనదే అనుకోవడం మనుషుల అలవాటు. అంతకుముందు ఇదే వాటాలో ఉన్నవాళ్లు అలాగే అనుకున్నారు. జూన్ 1న కొత్తవాళ్ల లారీ గేటు ముందు ఆగింది, ఫ్రిజ్ దింపి పెట్టారు. పైన పాతవాళ్లు ఇంకా వంట చేసుకుంటున్నారు. కొత్తగా వచ్చినామె పసిపిల్లను ఎత్తుకుని మా వరండాలో సాయంత్రం దాకా కూర్చుంది. తప్పు నాది కూడా. నోటిమాటగా చెప్పి ఊరుకున్నాను. అందుకే ఇప్పుడు రాసి ఇస్తున్నాను.

ఇంకో సంగతి. ఒట్టిగా ‘జూలై 1 నుంచి’ అని రాస్తే ఆ మొదటి రోజును వదిలేసి లెక్కపెట్టాలని ఆస్తి బదిలీ చట్టంలో ఉంది. ఆ పేచీ లేకుండా ‘జూలై 1, మే 31 రెండు రోజులూ కలుపుకొని’ అని రాయించాను. మూడో పేరా చూడండి.

రెన్యూవల్ మాట మే నెలలో మొదలుపెడితే ఆలస్యమైపోతుంది. ఉంటారో ఖాళీ చేస్తారో 2026 మార్చి 31లోగా నాకు చెప్పాలి. ముగింపుకు సరిగ్గా రెండు నెలల ముందు. ఆ ఏడు ఉగాది మార్చి 19న వస్తుంది. పండగయ్యాక ఏదో ఒక సాయంత్రం కిందికి రండి, కూర్చుని మాట్లాడుకుందాం. పాప స్కూలు సంగతి కూడా అప్పటికి తేలిపోతుంది కదా. వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టినా సరే, కానీ రాతలో ఉండాలి. మీరు ఖాళీ చేయాలని నేను అనుకునే పరిస్థితి వస్తే, అదే మార్చి 31లోగా నేనూ రాతలోనే చెప్తాను.

ఉంటామంటే కొత్త పేపర్ మీద సంతకాలు మే 10, ఆదివారం. కొత్త అగ్రిమెంట్ 2026 జూన్ 1 నుంచి 2027 ఏప్రిల్ 30 దాకా. అద్దె 5 శాతం పెరిగి 25,200 అవుతుంది. పాత అడ్వాన్సే కొనసాగుతుంది. మీ ఆయన ఆఫీసులో హెచ్ఆర్ఏకి ఇచ్చే కాపీ జూన్ మొదటి వారంలోనే మార్చుకోమనండి.

ఖాళీ చేస్తామంటే ఒకటి చూసుకోవాలి. 2026లో అధిక జ్యేష్ఠం వస్తోంది, మే 17 నుంచి జూన్ 15 దాకా. మన గడువు సరిగ్గా అందులోనే తీరుతుంది. అధిక మాసంలో కొత్తింట్లో పాలు పొంగించకూడదని మీ అత్తగారు అంటారు, నాకు తెలుసు. అలాగైతే మే 16 దాటకుండా మారిపోండి. తాళాలు ఇచ్చిన రోజు దాకానే అద్దె తీసుకుంటాను, మిగతా రోజులకు అడగను. కరెంటు, నీళ్ల బిల్లులు చూసుకుని వారంలోగా 1,20,000 అడ్వాన్సు మీ ఖాతాలో వేస్తాను.

మే 31 దాటాక కూడా ఏ పేపరూ లేకుండా మీరుంటూ, నేను అద్దె తీసుకుంటూ ఉంటే, అది నెలనెలా నడిచే అద్దెగా మారుతుంది. అప్పుడు ఎవరైనా పదిహేను రోజుల నోటీసుతో తెంచుకోవచ్చు. చిన్నపిల్లతో మీరు అలాంటి టెన్షన్ పడటం నాకు ఇష్టం లేదు.

ఫోన్‌లో మార్చి 20కి అలారం పెట్టుకోండి. మా క్యాలెండర్‌లో నేనూ రాసుకుంటాను.

ఇట్లు,
కింది వాటా ఆంటీ