ఆప్టిక్స్ రివిజన్: రెండు వారాల ప్లాన్

తమ్ముడూ, షాపు డ్యూటీ రాత్రి తొమ్మిదికి గానీ వదలదు కాబట్టి చదువు పొద్దున 5 నుంచి 6:30 వరకే. రేణిగుంట–తిరుపతి బస్సులో ఫార్ములాలు చాలు.

1–3 రోజులు: లెన్సులు, గోళీయ, వర్ణ విపథనాలు. అవర్ణక ద్వయం నిబంధన ω₁/f₁ + ω₂/f₂ = 0 చూడకుండా రాబట్టు.

4–8: వ్యతికరణం. ఎక్కువ టైమ్ దీనికే. న్యూటన్ వలయాల్లో నల్ల వలయానికి D² = 4nλR. పరావర్తన కాంతిలో మధ్య మచ్చ ఎందుకు నల్లగా ఉంటుందో (π దశా మార్పు) నీ మాటల్లో రాయి. సోడియం దీపానికి λ = 589.3 nm తీసుకుని లెక్కలు చెయ్యి.

9–11: వివర్తనం. ఒకే చీలిక, ఆపైన గ్రేటింగ్. మొదటిదానిలో a sinθ = nλ కనిష్ఠానికి, రెండోదానిలో (a+b) sinθ = nλ గరిష్ఠానికి. అందరూ తికమకపడేది ఇక్కడే.

12: ధ్రువణం. బ్రూస్టర్, నికల్, తరంగ ఫలకాలు.

13, ఆదివారం: మూడు గంటల పాత పేపర్, ఫోన్ ఆఫ్.

14: తప్పినవి మాత్రమే. రాత్రి త్వరగా పడుకో.