బెయిలు దరఖాస్తు: క్రైమ్ నం. 212/2025లో రెండో నిందితుడి తరఫున

గుంటూరు జిల్లా ప్రధాన సెషన్స్ జడ్జి గారి కోర్టులో, గుంటూరు
క్రిమినల్ ఎం.పి. నం. 1187/2025
(పి.ఆర్.సి. నం. 41/2025, తెనాలి ప్రథమ శ్రేణి జుడీషియల్ మేజిస్ట్రేట్ కోర్టు)

మేకల శ్రీనివాసరావు, తండ్రి వెంకటేశ్వర్లు, వయసు 34, వ్యవసాయం, కొత్తపాలెం గ్రామం, గుంటూరు జిల్లా. ప్రస్తుతం గుంటూరు జిల్లా జైలులో రిమాండు ఖైదీ
... పిటిషనర్ / ఎ-2

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, రూరల్ పోలీస్ స్టేషన్ హౌస్ ఆఫీసర్ ద్వారా, పబ్లిక్ ప్రాసిక్యూటర్ ప్రాతినిధ్యంతో
... ప్రతివాది

భారతీయ నాగరిక సురక్షా సంహిత, 2023 సెక్షన్ 483 కింద పిటిషన్

పిటిషనర్ సవినయంగా విన్నవించుకునేది ఏమనగా:

1. భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 109(1), 118(2), 126(2), వాటితో కలిపి 3(5) కింద పెట్టిన కేసులో పిటిషనర్ రెండో నిందితుడు. ప్రాసిక్యూషన్ కథనం క్లుప్తంగా ఇది. 9-8-2025 సాయంత్రం సుమారు 5.30కి పంట బోదె దగ్గర నీళ్ల మళ్లింపు విషయమై మాటామాటా పెరిగింది. పిటిషనర్ పెదనాన్న కొడుకైన ఎ-1 ఫిర్యాదిదారు తలపై కర్రతో కొట్టాడు. పిటిషనర్, ఎ-3 అతనికి సాయం చేశారు. ఈ ఆరోపణలను పిటిషనర్ పూర్తిగా నిరాకరిస్తున్నాడు.

2. ఇది రెండో బెయిలు పిటిషన్. మొదటిదాన్ని దర్యాప్తు సాగుతోందన్న కారణంతో 9-9-2025న ఈ కోర్టే కొట్టివేసింది. గౌరవ హైకోర్టులో గాని మరే కోర్టులో గాని ఇంకో బెయిలు పిటిషన్ వేయలేదు, పెండింగులోనూ లేదు. పిటిషనర్‌పై పాత కేసులు లేవు.

3. ఆ ఉత్తర్వు తర్వాత పరిస్థితి మారింది. 29-10-2025న ఛార్జిషీటు దాఖలైంది. గాయపడిన వ్యక్తి 18-8-2025నే ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయ్యాడు. కర్ర స్వాధీనమైంది, సాక్షుల వాంగ్మూలాలు నమోదయ్యాయి, వైద్యుడి అభిప్రాయమూ అందింది. పిటిషనర్ నుంచి ఇక రాబట్టాల్సింది ఏమీ లేదు. దర్యాప్తు జరిగినంత కాలం పోలీసు కస్టడీ కోరుతూ ప్రాసిక్యూషన్ ఒక్క పిటిషన్ కూడా వేయలేదు.

4. పిటిషనర్‌ను 12-8-2025న అరెస్టు చేసి అదే రోజు రిమాండుకు పంపారు. నేటికి 101 రోజులుగా జైల్లో ఉన్నాడు. ఛార్జిషీటు 78 రోజులకే దాఖలైంది కాబట్టి సెక్షన్ 187(3) కింద డిఫాల్ట్ బెయిలు హక్కు కోరడం లేదు. సెక్షన్ 109(1)లో గాయమైన సందర్భంలో యావజ్జీవ శిక్ష కూడా ఉంది కాబట్టి సెక్షన్ 479 తనకు వర్తిస్తుందనీ అనడం లేదు. సెక్షన్ 483 కింద కోర్టువారికి ఉన్న విచక్షణాధికారాన్ని తన పక్షాన వినియోగించమని మాత్రమే ప్రార్థన. కేసు ఇంకా సెషన్స్‌కు కమిట్ కాలేదు. ఛార్జిషీటులో 14 మంది సాక్షులున్నారు. కమిట్ అయి, నంబరు పడి, అభియోగాలు ఖరారై, మొదటి సాక్షి బోనెక్కేసరికి నెలలు గడుస్తాయి. ఆ జాప్యంలో పిటిషనర్ తప్పేమీ లేదు. బెయిలు ఉద్దేశం నిందితుడు విచారణకు హాజరయ్యేలా చూడటమే, ముందస్తు శిక్ష కాదు అని గౌరవ సుప్రీంకోర్టు సంజయ్ చంద్ర కేసులో, (2012) 1 ఎస్.సి.సి. 40, స్పష్టం చేసింది. మన రాష్ట్రం నుంచే వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో, (1978) 1 ఎస్.సి.సి. 240, బయట ఉన్న మనిషి తన వాదనను సిద్ధం చేసుకోగలిగినంతగా జైల్లో ఉన్నవాడు చేసుకోలేడని జస్టిస్ కృష్ణయ్యర్ గుర్తు చేశారు. ఈ కేసులో ఆ మాట ముఖ్యం, ఎందుకంటే పొలం గట్లు, బోదె, తూము ఎక్కడున్నాయో న్యాయవాదికి చూపించగలిగింది పిటిషనరే.

5. పిటిషనర్ పుట్టిందీ పెరిగిందీ కొత్తపాలెంలోనే. ఓటు, రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం అన్నీ ఆ ఊరి చిరునామాతోనే ఉన్నాయి. వాటి నకళ్లు జతపరిచాం. తన పేరున 1 ఎకరం 60 సెంట్లు, తండ్రి పేరున 90 సెంట్లు ఉన్నాయి. తండ్రికి పక్షవాతం వచ్చి రెండేళ్లుగా మంచంలోనే ఉన్నాడు, వైద్య పత్రాలు జతచేశాం. పెద్దమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏడో తరగతి, అబ్బాయి నాలుగో తరగతి. ఇంట్లో సంపాదించే మనిషి పిటిషనర్ ఒక్కడే. వరి కోతకొచ్చింది. కోత మిషను మాట్లాడాలన్నా, కల్లం చూసుకోవాలన్నా, ఆరబెట్టిన ధాన్యం అమ్మాలన్నా భార్య ఒక్కతే తిరుగుతోంది. పాస్‌పోర్టు లేదు, ఎప్పుడూ దరఖాస్తు చేయలేదు. ఇల్లు, భూమి, పడకేసిన తండ్రి, బడికెళ్లే పిల్లలు ఉన్నవాడు వీటన్నిటినీ వదిలి పారిపోతాడనుకోవడానికి కారణం లేదు. సమాజంలో వేళ్లూనుకుని ఉండి, పారిపోయే అవకాశం లేని నిందితుణ్ణి స్వంత పూచీకత్తుపైనే విడుదల చేయవచ్చని హుస్సేనారా ఖాతూన్ కేసులో (1979) సుప్రీంకోర్టు చెప్పింది. పిటిషనర్ జామీనుదారులను కూడా ఇస్తానంటున్నాడు.

6. ఆరోపణల్లో సాక్ష్యంతో తేల్చాల్సిన ప్రశ్నలు చాలా ఉన్నాయి. వాటిని ఇక్కడే తేల్చమని అడగడం లేదు, అవి ఉన్నాయని మాత్రమే చూపుతున్నాం.

మొదటిది, పిటిషనర్ పాత్ర. 10-8-2025 ఉదయం 11 గంటలకు ఇచ్చిన ఫిర్యాదులో అతడు ‘చేతులు పట్టుకున్నాడు’ అని మాత్రమే ఉంది. అయిదు రోజుల తర్వాత సెక్షన్ 180 కింద నమోదైన వాంగ్మూలాల్లో అతని చేతికి గడ్డపార వచ్చింది, దానితో భుజంపై కొట్టాడన్న మాట చేరింది. గాయాల సర్టిఫికెట్‌లో తలపై ఒక గాయం, ఎడమ ముంజేతిపై ఒక కమిలిన దెబ్బ ఉన్నాయి. భుజంపై ఏ గాయమూ లేదు. గడ్డపార స్వాధీనం కాలేదు. కర్ర దొరికింది ఎ-1 చూపించిన చోట. ఈ తేడా అతిశయోక్తా, పొరపాటా అన్నది క్రాస్ ఎగ్జామినేషన్‌లో తేలాలి.

తలపై దెబ్బ ఒక్కటే, దానికి సన్నటి ఎముక పగులు ఉంది. గాయం తీవ్రమైనదన్న అభిప్రాయాన్ని ఇప్పుడు ప్రశ్నించడం లేదు. నీళ్ల కోసం అప్పటికప్పుడు లేచిన గొడవలో పడిన ఒక్క కర్రదెబ్బ నుంచి చంపాలన్న ఉద్దేశాన్ని ఊహించవచ్చా, ఆ ఉద్దేశం పిటిషనర్‌కూ ఉందనడానికి సెక్షన్ 3(5) సరిపోతుందా అన్నది విచారణలో తేల్చాల్సిన వివాదం.

ఇదే ఘటనపై ఎ-1 వేలికి తగిలిన గాయం గురించి 9-8-2025 రాత్రే ఫిర్యాదు నమోదైంది. అది క్రైమ్ నం. 211/2025, ఇంకా దర్యాప్తులో ఉంది. అంటే పిటిషనర్ వైపు నుంచి వెళ్లిన ఫిర్యాదే ముందుది. గొడవకు ఎవరు దిగారన్నది రెండు కేసుల సాక్ష్యం పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ప్రత్యక్ష సాక్షులుగా చూపిన ముగ్గురిలో ఇద్దరు ఫిర్యాదిదారు దగ్గరి బంధువులు.

7. ఎ-3కి ముందస్తు బెయిలు మంజూరైంది. ‘సాయం చేశాడు’ అన్న ఆరోపణ ఇద్దరిపైనా ఒకే తీరున ఉంది. ఎ-1తో సమానత్వం కోరడం లేదు.

8. సాక్షులను బెదిరిస్తాడన్న భయం ప్రాసిక్యూషన్‌కు ఉండవచ్చు. ఫిర్యాదిదారు పొలం, పిటిషనర్ పొలం ఒకే బోదె కింద ఉన్నాయి కాబట్టి ఆ ఆందోళనను తేలిగ్గా తీసుకోవడం లేదు. ఫిర్యాదిదారు, ప్రత్యక్ష సాక్షుల వాంగ్మూలాలు కోర్టులో పూర్తయ్యేదాకా ఆ బోదె వైపు వెళ్లనని, కోత పనులు మరో గట్టు దారినే చూసుకుంటానని, నీళ్లు పెట్టే పని మేనమామకు అప్పగిస్తానని పిటిషనర్ హామీ ఇస్తున్నాడు. ప్రతి ఆదివారం స్టేషన్‌లో సంతకం పెడతాడు, ప్రతి వాయిదాకూ హాజరవుతాడు, అనుమతి లేకుండా జిల్లా దాటడు. కోర్టువారు విధించే మరే షరతుకైనా కట్టుబడి ఉంటాడు.

9. ఈ పిటిషన్ నకలు, నోటీసు పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారికి అందజేశాం.

ప్రార్థన

కావున గౌరవ కోర్టువారు క్రైమ్ నం. 212/2025లో పిటిషనర్ / ఎ-2ను రూ. 25,000 స్వంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారుల పూచీకత్తుపై, తెనాలి ప్రథమ శ్రేణి జుడీషియల్ మేజిస్ట్రేట్ గారికి తృప్తికరంగా, తగిన షరతులతో బెయిలుపై విడుదల చేయవలసిందిగా ఉత్తర్వులు ఇవ్వగలరని ప్రార్థన.

గుంటూరు,
21-11-2025
పిటిషనర్ తరఫు న్యాయవాది

జతపరిచినవి: ఎఫ్.ఐ.ఆర్., ఛార్జిషీటు, గాయాల సర్టిఫికెట్ నకళ్లు, క్రైమ్ నం. 211/2025 ఎఫ్.ఐ.ఆర్. నకలు; 9-9-2025 నాటి ఉత్తర్వు, ఎ-3 ముందస్తు బెయిలు ఉత్తర్వు; రేషన్ కార్డు, పాసు పుస్తకం, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు, తండ్రి వైద్య పత్రాలు; పిటిషనర్ భార్య అఫిడవిట్.